లాగ్ జంటలో రెండో జవాబును ఎందుకు కొట్టేశారు?

తెల్లకాగితం: ఈ జంట చేస్తున్నాను.

log₂x + log₂y = 3
x − y = 2

లాగ్‌లు రెండూ కలిపితే xy = 8 వచ్చింది. x బదులు y + 2 పెడితే y² + 2y − 8 = 0, అంటే y = 2 లేదా y = −4. కాబట్టి (4, 2), (−2, −4) అని రెండు జవాబులు రాశాను. పుస్తకం వెనక మాత్రం (4, 2) ఒక్కటే ఉంది. −2 ని −4 తో గుణిస్తే 8 వస్తుంది, తేడా కూడా 2 నే. అచ్చుతప్పు అంటారా?

పాతబెంచి: అచ్చుతప్పు కాదు తమ్ముడూ. లాగ్ లెక్కలో మైనస్ వచ్చిందా, కొట్టెయ్. ఘాతాల లెక్కలోనూ అంతే. నేను చదువుకున్న రోజులన్నీ ఇలాగే గడిపేశాను.

చాక్‌పీసు: ఈ లెక్క వరకు పాతబెంచి గారి జవాబు సరైనదే. కారణమే సరిగ్గా లేదు.

తెల్లకాగితం, మీరు సరిచూసింది xy = 8 లో. సరిచూడాల్సింది ప్రశ్నలో ఇచ్చిన వరుసలో. అక్కడ −2 పెడితే log₂(−2) రాయాలి, వాస్తవ సంఖ్యల్లో దానికి విలువ లేదు. లాగ్‌లు విడివిడిగా ఉన్నప్పుడు x, y రెండూ ధనసంఖ్యలు కావాలి. కలిపేశాక లబ్ధం ఒక్కటి ధనమైతే సరిపోతుంది. ఆ సందులోంచే మీ రెండో జంట దూరింది.

ఇప్పుడు అదే ప్రశ్నను log₂(xy) = 3, x − y = 2 అని ఇచ్చారనుకోండి. అప్పుడు (−2, −4) కూడా నిఖార్సైన జవాబే! దాన్ని తొందరపడి రెండు లాగ్‌లుగా విడదీస్తే ఉన్న జవాబు పోతుంది. కాబట్టి మైనస్‌ను చూసి కాదు, ఇచ్చిన లాగ్ లోపల ఏముందో చూసి కొట్టేయాలి.

ఘాతాల్లో మరీ జాగ్రత్త. 2^x = u అనుకుంటే u మైనస్ కాకూడదు. x కి ఆ అడ్డు లేదు. u = 1/4 వస్తే x = −2, హాయిగా ఉంచుకోవచ్చు.

పాతబెంచి: అయ్యో, ఆ x = −2 లాంటివి ఎన్ని కొట్టేశానో.

నిద్రలేనివాడు: నాదీ ఇదే సమస్య.

2^x + 3^y = 17
2^(x+2) − 3^(y+1) = 5

రెండిటికీ లాగ్ తీసుకుని x log 2 + y log 3 = log 17, (x+2) log 2 − (y+1) log 3 = log 5 అని రాశాను. x = 2.997 వచ్చింది. 3 కి దగ్గరే, బాగానే ఉంది. y మాత్రం 0.688. నాకు కొట్టేయడానికి మైనస్ కూడా ఏమీ లేదు. జవాబేమో (3, 2) అట. దశాంశాలు కుదించడంలో తేడా వచ్చిందా?

చాక్‌పీసు: మీ సమస్య ఇది కాదండీ, వేరే. లాగ్ విడిపోయేది గుణకారం మీద, కూడిక మీద కాదు. మీ విలువలే మొదటి వరుసలో పెట్టి చూడండి: 2^2.997 దాదాపు 8, 3^0.688 దాదాపు 2.1. మొత్తం 10 చిల్లర. 17 ఎక్కడ, ఇదెక్కడ! x అలా 3 పక్కకు రావడం ఉత్త యాదృచ్ఛికం.

ఇక్కడ లాగ్ చివరిదాకా అక్కర్లేదు. 2^x = u, 3^y = v అనుకోండి. 2^(x+2) అంటే 4u, 3^(y+1) అంటే 3v. అప్పుడు u + v = 17, 4u − 3v = 5. మొదటిదాన్ని 3 తో గుణించి రెండోదానికి కలిపితే 7u = 56. u = 8, v = 9, అంటే x = 3, y = 2.

నిద్రలేనివాడు: నాలుగు వరుసల్లో అయిపోయింది! రెండు పేజీలు నింపాను నేను.

గీతలపుస్తకం: మరి x ఘాతంలోనూ బయటా ఉంటే? 2^x + y = 11, x + y = 6. తీసివేస్తే 2^x − x = 5. u అనుకున్నా x వదలదు. తడుముకుంటే x = 3, y = 3 దొరికింది. గ్రాఫ్ గీస్తే −5 దగ్గర ఇంకో చోట కూడా తగులుతోంది. అది నిజంగా ఉందా, నా గీత వంకరా?

చాక్‌పీసు: ఉంది. x = −5 పెడితే 1/32 + 5, అంటే 5 కన్నా కాస్త ఎక్కువ. x = −4 దగ్గర 4.06, తక్కువ. మధ్యలో ఎక్కడో 5 దాటాలి. సుమారు −4.968 దగ్గర దాటుతుంది, y సుమారు 10.968. ఆ వక్రం కిందికి దిగి ఒక్కసారే పైకి తిరుగుతుంది కాబట్టి మూడోది లేదు.

తెల్లకాగితం: మైనసే అయినా దీన్ని కొట్టేయకూడదన్నమాట.

గీతలపుస్తకం: సరే, కానీ తడుముకోకుండా ఆ 3 ని పట్టే దారి?

చాక్‌పీసు: మనం బళ్లో నేర్చుకునే పనిముట్లతో x ని ఒంటరి చేయలేం. నేనైతే గ్రాఫ్ గీసి, ఆ చుట్టుపక్కల విలువలు వేసి చూస్తాను.

పాతబెంచి: పరీక్షలో గ్రాఫ్‌కి మార్కులిస్తారా?

గీతలపుస్తకం: అదే నా భయం కూడా.