బలహీన ఆమ్లం లెక్క: x వదిలేస్తే 2.43, వదలకపోతే 2.51. ఏది రాయాలి?

పర్లాకిమిడి ప్లస్‌టూ
అందరికీ నమస్కారం. ప్లస్‌టూ రెండో ఏడు చదువుతున్నాను. క్లాసులో పాఠం ఇంగ్లీషు, పక్కన మాటలు ఒడియా, నాకు బుర్రకెక్కేది మాత్రం తెలుగులోనే. అందుకే ఇక్కడ అడుగుతున్నా. 0.01 M క్లోరోఎసిటిక్ ఆమ్లం pH ఎంత అన్నది ప్రశ్న. Ka = 1.4 × 10⁻³ ఇచ్చారు. విడిపోయిన ఆమ్లం గాఢత x చిన్నదే కదా అని వదిలేసే మా ట్యూషన్ మేష్టారి పద్ధతిలో 2.43 వచ్చింది, గైడు వెనకాల జవాబూ అదే. పక్క బెంచీవాడు వర్గ సమీకరణం వేసి 2.51 తెచ్చాడు. రెండూ మళ్ళీ చేసి చూశాను, కూడికల్లో తప్పేం లేదు. మరి రెండు జవాబులెలా వచ్చాయి?

రాయగడ పాలిటెక్నిక్
ఇందులో ఏటుంది తమ్ముడూ! బలహీన ఆమ్లం అన్నాక x చిన్నదే, కొట్టేయడమే. పైగా 0.01 అంటే బాగా పలచన. పలచన చేసేకొద్దీ H⁺ తగ్గుతుంది, x ఇంకా చిన్నదవుతుంది, వదిలేయడం ఇంకా భద్రం. 2.43 రాసెయ్.

గుణుపురం మేష్టారు
పలచన చేస్తే x తగ్గుతుంది, నిజమే. కానీ దేని పక్కన పెట్టి చిన్నదంటున్నావు? మనం x ని వదిలేసేది ఒక్కచోటే, కింద ఉన్న 0.01 − x లో. కాబట్టి x ని 0.01 తో పోల్చాలి. తెలిసిన ఆమ్లం కదా అని ధైర్యపడకూడదు. బాబూ, నువ్వు వేసిన మొదటి లెక్క ఇదే కదా:

```
x² / (0.01 − x) = 1.4 × 10⁻³
x వదిలేస్తే:  x² = 1.4 × 10⁻⁵
x = 3.74 × 10⁻³,  pH = 2.43
```

వచ్చిన x ని ఇప్పుడు వెనక్కి తీసుకెళ్ళి చూడు. 0.01 లో 0.00374 అంటే 37 శాతం. పది రూపాయల్లోంచి మూడు రూపాయల డెబ్భై పైసలు తీసి జేబులో వేసుకుని "లెక్కలోకి రాదులే" అన్నట్టుంది. వదలకుండా చేస్తే ఇలా ఉంటుంది:

```
x² + 0.0014x − 0.000014 = 0
x = (−0.0014 + √(0.00000196 + 0.000056)) / 2
x = 3.11 × 10⁻³,  pH = 2.51
```

మీ స్నేహితుడిదే సరైన జవాబు. మీ మేష్టారి పద్ధతి తప్పు కాదు, ఈ ఆమ్లానికి ఈ గాఢత దగ్గర నప్పదు, అంతే. ఇంకొకటి గమనించు. x వదిలేసినప్పుడు కింది అంకె అసలుకంటే పెద్దదిగా ఉండిపోతుంది, దాంతో x కూడా ఎక్కువొస్తుంది. అందుకే ఈ దారిలో వచ్చే pH ఎప్పుడూ వర్గ సమీకరణం ఇచ్చేదానికంటే తక్కువే ఉంటుంది. ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో కూడిక తప్పిందన్నమాట.

రాయగడ పాలిటెక్నిక్
సరే మేష్టారూ, 37 శాతం అంటే ఎక్కువే, ఒప్పుకున్నాను. కానీ పలచన చేస్తే బాగుపడాలి కదా?

గుణుపురం మేష్టారు
చేసి చూడు. అదే ఆమ్లం, పదింతలు నీళ్ళు, 0.001 M. x ఎంతొచ్చిందో రాయి.

రాయగడ పాలిటెక్నిక్
0.00118 వచ్చింది. ఆగండి. ఉన్నదే 0.001 కదా!

గుణుపురం మేష్టారు
అదీ సంగతి. ఉన్న ఆమ్లంలో 118 శాతం విడిపోయిందట! గాఢత C పదో వంతుకు పడిపోతే x మాత్రం పది వర్గమూలం మేరకే, అంటే సుమారు మూడో వంతుకు తగ్గుతుంది. C పరుగెత్తి దిగిపోతోంది, x వెనకాల మెల్లగా దిగుతోంది. అందుకే నీళ్ళు పోసేకొద్దీ x శాతం పెరుగుతుంది. అక్కడ వర్గ సమీకరణం వేస్తే x = 6.75 × 10⁻⁴, pH 3.17 వస్తాయి. మూడింట రెండు వంతులు విడిపోయిన ఆమ్లాన్ని బలహీనమని పిలవడం పేరుకే.

బరంపురం పచ్చళ్ళు
బాబూ, మీ లెక్కలు నాకు తెలీవు గానీ pH మాట విని అడుగుతున్నా. నేను టమాటా పచ్చడి, ఊరగాయలు చేసి అమ్ముతాను. మొన్న ఒక గ్లాసు వెనిగర్లో తొమ్మిది గ్లాసుల నీళ్ళు కలిపి pH పేపరు ముంచితే రంగు దాదాపు అలాగే ఉంది. పేపరు పాతదా, వెనిగర్ కల్తీదా?

గుణుపురం మేష్టారు
రెండూ కాదమ్మా, ఇప్పుడు నేను చెప్పిందే మీ గ్లాసులోనూ జరిగింది. అయిదు శాతం వెనిగర్ అంటే సుమారు 0.83 M ఎసిటిక్ ఆమ్లం, Ka = 1.8 × 10⁻⁵. ఇక్కడ x వదిలేసినా ఇబ్బంది లేదు, విడిపోయేది అర శాతం కూడా లేదు. pH 2.4 వస్తుంది. పదింతలు పలచన చేస్తే 2.9. అర పాయింటు తేడాని మామూలు పేపరు రంగులో పట్టుకోలేం. కానీ పులుపు సరుకు మాత్రం పదో వంతే మిగిలింది. పేపరు రంగు మారలేదు కదా అని వెనిగర్ తగ్గించకండి. టమాటా గుజ్జు, ఉప్పు కలిశాక ఈ లెక్క అసలు పనిచేయదు. కలిపిన పచ్చడినే కొలవాలి.

బరంపురం పచ్చళ్ళు
మా అత్తగారు నాలుక మీద చుక్క వేసుకుని చెప్పేసేవారు ఇది.

జయపురం ల్యాబ్
మేష్టారూ, వర్గ సమీకరణం సూత్రం గుర్తుండని వాళ్ళకి నేనొక దారి చెబుతుంటా. మొదట వచ్చిన 3.74 × 10⁻³ ని 0.01 లోంచి తీసేసి, ఆ మిగిలినదాన్ని Ka తో గుణించి మళ్ళీ వర్గమూలం తీయాలి. 2.96 వస్తుంది. దాంతో మళ్ళీ చేస్తే 3.14, తర్వాత 3.10, తర్వాత 3.11 (అన్నీ × 10⁻³). పైకీ కిందికీ ఊగుతూ చోటుకి చేరుతుంది. చేతి క్యాలిక్యులేటర్‌తో అర నిమిషం పని.

పర్లాకిమిడి ప్లస్‌టూ
ఇది బాగుంది అన్నా. కానీ 0.001 కి చేస్తే మొదటి అడుగులోనే 0.001 − 0.00118 వచ్చింది. మైనస్‌కి వర్గమూలం ఎలా?

జయపురం ల్యాబ్
అక్కడ నా దారి మూసుకుపోతుంది తమ్ముడూ. సగం నుంచి, అంటే 0.0005 నుంచి మొదలెట్టి చూశాను: 8.4, 4.8, 8.5 × 10⁻⁴ అని ఊయలలా ఊగుతోందే తప్ప దిగడం లేదు. అలా ఊగితే వదిలేసి సూత్రానికే వెళ్ళు.

పర్లాకిమిడి ప్లస్‌టూ
మేష్టారూ, 5 శాతం లోపు ఉంటే x వదిలేయొచ్చని ఎక్కడో చదివాను. ఆ 5 ఎవరు పెట్టారు?

గుణుపురం మేష్టారు
దానికి దైవాజ్ఞ ఏం లేదు. x వదిలేయడం వల్ల pH లో వచ్చే తేడా సుమారుగా 0.22 × (వదిలేసి తెచ్చిన x / C). 5 శాతానికి అది 0.01. పుస్తకంలో Ka ని 1.4 అని రెండంకెల్లోనే ఇస్తారు, pH రెండో దశాంశం దగ్గర ఎలాగూ గట్టి నమ్మకం ఉండదు. కాబట్టి 0.01 తేడాని పట్టించుకోరు. మన 37 శాతాన్ని అందులో వేస్తే 0.08 వస్తుంది. 2.43 కీ 2.51 కీ తేడా అదే కదా.

లెక్క మొదలెట్టకముందే తెలియాలంటే C ని Ka తో భాగించు. 400 దాటితే 5 శాతం లోపు ఉన్నట్టే. 0.1 M ఎసిటిక్ ఆమ్లానికి 5,500 పైచిలుకు, హాయిగా వదిలెయ్. నీ ప్రశ్నలో 7. ఏడంటే ఏడే.

రాయగడ పాలిటెక్నిక్
ఇంత గొడవెందుకు? ప్రతిదానికీ వర్గ సమీకరణమే వేసేస్తే ఎప్పుడూ తప్పు రాదు కదా.

గుణుపురం మేష్టారు
వస్తుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ ఉందే, బోరిక్ ఆమ్లం, దాని Ka = 5.8 × 10⁻¹⁰. 10⁻⁵ M ద్రావణం తీసుకో. x = 7.6 × 10⁻⁸, ఒక శాతం కూడా కాదు. 5 శాతం పరీక్షలో దర్జాగా పాసయింది. వర్గ సమీకరణం వేసినా అదే అంకె. pH ఎంతో చూడు: 7.12! ఆమ్లం కలిపితే నీళ్ళు క్షారమయ్యాయట.

ఇక్కడ మనం మరిచిపోయింది నీళ్ళని. నీళ్ళు తమంత తామే ఇచ్చే H⁺ ఆమ్లం ఇచ్చేదానికంటే ఎక్కువగా ఉంది. వర్గ సమీకరణం కూడా నీళ్ళని లెక్కలోకి తీసుకోలేదు, కాబట్టి అదీ కాపాడలేదు. ఇలాంటి మరీ బలహీన ఆమ్లానికి Kw కలపాలి:

```
[H⁺] = √(Ka·C + Kw) = √(5.8 × 10⁻¹⁵ + 10⁻¹⁴)
     = 1.26 × 10⁻⁷,  pH = 6.90
```

pH 6 దాటి వస్తే నీళ్ళ సంగతి గుర్తు చేసుకో. అది x కి సంబంధించిన తప్పు కాదు, వేరే జాతి తప్పు.

రాయగడ పాలిటెక్నిక్
బోరిక్ ఆమ్లం క్షారమవడం బాగుంది. ఇది మా వాళ్ళకి చూపించాలి.

జయపురం ల్యాబ్
ఒక్క మాట. నిజంగా కలిపి మీటరు పెడితే సరిగ్గా 2.51 రాదు. అయానులు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి, గది వేడి 25 డిగ్రీలు ఉండదు, ఎలక్ట్రోడ్ పాతది. అయినా 2.43 కీ 2.51 కీ తేడా మా మీటరు చూపిస్తుంది.

పర్లాకిమిడి ప్లస్‌టూ
అయితే పరీక్షలో ఆప్షన్లలో 2.43, 2.51 రెండూ ఉంటే?

గుణుపురం మేష్టారు
2.51. రెండూ పక్కపక్కన పెట్టారంటే నువ్వు వెనక్కి తిరిగి చూస్తావో లేదో అడుగుతున్నారు.

రాయగడ పాలిటెక్నిక్
కీ లో 2.43 ఉంటే మార్కు పోయేది మీది కాదు మేష్టారూ, వాడిది.

గుణుపురం మేష్టారు
దానికి నా దగ్గర జవాబు లేదు. రాసే పరీక్షయితే "37 శాతం కాబట్టి x వదలలేదు" అని ఒక వాక్యం రాయమని చెబుతాను, దిద్దేవాడికి కనపడుతుంది.

పర్లాకిమిడి ప్లస్‌టూ
ఇదే ఆమ్లం 0.1 M కి చేశాను. C/Ka 71 వచ్చింది. వదిలేస్తే 11.8 శాతం, pH 1.93. వదలకపోతే 1.95. ఇది వదలొచ్చా, కూడదా?

జయపురం ల్యాబ్
0.02 కి ఎవరేడుస్తారు, వదిలెయ్.

గుణుపురం మేష్టారు
నేనయితే వదలను.