అప్‌డేట్: నాజిల్ లెక్క తేలింది

నా ప్రశ్న: ఆవిరి 60 మీ/సె వేగంతో లోపలికొస్తోంది, ఎంథాల్పీ తగ్గుదల కిలోకు 400 కిలోజౌళ్లు. బయటి వేగం 66 మీ/సె వస్తోంది, పుస్తకంలో 896. ఎక్కడ తప్పు?

నిన్న గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో వస్తుంటే దొరికింది. వేగం వర్గంలో సగం జౌళ్లలో వస్తుంది, నేనేమో కిలోజౌళ్లు అలాగే కలిపేశాను.

`V2 = √(V1² + 2000·Δh)`

800000కి 3600 కలిపి వర్గమూలం తీస్తే 896. అంత ఎంథాల్పీ పడిపోయి వేగం ఆరు మీటర్లే పెరిగిందంటే అక్కడే అనుమానం రావాల్సింది! లోపలి వేగం వదిలేసినా 894 వస్తుంది, తేడా రెండు మీటర్లే.

నాజిల్ ఎఫిషియెన్సీ 90 శాతం అని ఇస్తే మాత్రం దాన్ని వేగానికి కాదు, 400కే గుణించాలి. అప్పుడు 851. మా బ్యాచ్‌లో సగం మంది 896ని 0.9తో గుణించి 807 రాశారు.