హామింగ్ కోడ్‌లో రెండు బిట్లు తప్పితే మూడోది కూడా పాడవుతోంది, ఎలా ఆపాలి?

అందరికీ నమస్కారం. రెండు ఆర్డువినో బోర్డుల మధ్య చవక రేడియో మాడ్యూళ్లతో డేటా పంపుతున్నాను. ఒక్క పారిటీ బిట్‌తో తప్పు జరిగిందని తెలుస్తుంది గానీ ఎక్కడ జరిగిందో తెలియదు. పైగా రెండు బిట్లు మారితే అదీ తెలియదు. అందుకని హామింగ్ (7,4) పెట్టాను. 1, 2, 4 స్థానాల్లో పారిటీ, మిగతా నాలుగింట్లో డేటా.

1011 పంపాలంటే 0110011 వెళ్తుంది. 5వ బిట్ తిరగబడితే మూడు పారిటీ పరీక్షలూ కలిసి సరిగ్గా 5 అని చూపిస్తాయి, దాన్ని తిప్పేస్తే సరి. ఇంతవరకూ ముచ్చటగా ఉంది.

చిక్కల్లా 5, 6 రెండూ తిరగబడినప్పుడే. వచ్చింది 0110101. పరీక్షలు 3 అంటాయి (5, 6ల ఎక్స్‌ఆర్ కదా). నా ప్రోగ్రాం ఏ పాపం ఎరుగని 3వ బిట్‌ని తిప్పి, 0101 అని ధీమాగా ఇస్తోంది!

మొత్తానికి ఇంకో పారిటీ, అంటే 8వ బిట్, కలిపి చూశాను. మొత్తం పారిటీ సరిగ్గా ఉండి స్థానం సున్నా కాకపోతే రెండు తప్పులని పట్టుబడుతోంది. కానీ 3, 5, 6 మూడూ మారితే స్థానం 0 వచ్చి, 8వ బిట్ ఒక్కటే పాడైనట్టు కనిపిస్తోంది.

ఈ రెండింటినీ రిసీవర్ వేరు చేయగలదా? లేక దిద్దడం మానేసి, ఏ తేడా వచ్చినా మళ్లీ పంపమనడమే మేలా? నా మాడ్యూల్‌లో తప్పులు ఎక్కువగా పక్కపక్క బిట్లలోనే వస్తున్నాయి. బిట్లను కలగలిపి పంపితే ఉపయోగం ఉంటుందా? చేసి చూసినవారు చెప్పండి.