సెపరేషన్‌కు ‘ఎడం’, హ్యాండోవర్‌కు ‘అప్పగింత’ సరిపోతాయా?

హేమలత (తిరుపతి): హైస్కూలు పిల్లలకు రాడార్ కంట్రోలర్ల పని గురించి వ్యాసం రాస్తున్నాను. విమానాల మధ్య ఉంచే సెపరేషన్‌ను ‘వేర్పాటు’ అంటే ఉద్యమాలు గుర్తొస్తాయి. ‘ఎడం’ బాగుందనిపిస్తోంది. ఒక్కో కంట్రోలర్ చూసుకునే ఆకాశ భాగాన్ని సెక్టార్ అంటారు. ఒక సెక్టార్ నుంచి ఇంకో సెక్టార్‌కు విమానాన్ని ఇచ్చే హ్యాండోవర్‌ను ‘అప్పగింత’ అనొచ్చా?

రెడ్డెప్ప (చిత్తూరు): మాట సంగతి నాకు తెలీదమ్మా. మొన్న మావాడు ఫోన్‌లో విమానాల యాప్ చూపించాడు. మా ఊరి మీద రెండు విమానాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేసినట్టు ఉన్నాయి. చాలా టెన్షన్ పడ్డాం. మన రేణిగుంట వాళ్లు చూసుకోరా?

సుధాకర్: రూల్ ప్రకారం రాడార్‌లో ఏ రెండు విమానాల మధ్యయినా 5 మైళ్లు ఉండాల్సిందే రెడ్డెప్పన్నా. మీరు చూసింది ఉల్లంఘనే.

మునిరత్నం (తిరుపతి, రిటైర్డ్ కంట్రోలర్): సుధాకర్ గారు చెప్పింది సగమే. 5 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9 కిలోమీటర్లు, పక్కకు ఉండాలి. లేదా పైకీ కిందికీ 1,000 అడుగులు ఉండాలి. రెండిట్లో ఒకటి ఉంటే చాలు. ఒకటి 35,000 అడుగుల్లో, ఇంకొకటి 36,000 అడుగుల్లో పోతుంటే యాప్‌లో బొమ్మలు అతుక్కుపోయినట్టే కనిపిస్తాయి. యాప్‌లో ఆ రెండిటి ఎత్తులూ చూడండి రెడ్డెప్పా, చాలామటుకు అదే అయ్యుంటుంది. అంత ఎత్తున మన మీదుగా పోయేవాటిని చూసేది చెన్నై కంట్రోల్ సెంటర్, రేణిగుంట టవర్ కాదు.

హేమలత గారూ, ‘ఎడం’ నాకు నచ్చింది. కానీ పిల్లలకు ఒక్క అంకె చెప్పి ఆపకండి. ఎడం ఎంత ఉందన్నదే కాదు, ఎంత వేగంగా తగ్గుతోందన్నది చూడటమే ఈ పనిలో అసలు కష్టం. ఒకే దారిలో, ఒకే ఎత్తులో రెండు విమానాలు అనుకోండి. ముందుది గంటకు 420 నాటికల్ మైళ్లు, వెనకది 480. మధ్యలో 8 మైళ్లు. తేడా గంటకు 60 కాబట్టి నిమిషానికో మైలు తరుగుతుంది. సెక్టార్ సరిహద్దు ఇంకో రెండు నిమిషాల్లో ఉంది. అక్కడికి చేరేసరికి 6 మైళ్లు ఉంటాయి, రూల్ తప్పలేదు. కానీ ఆ తర్వాతి నిమిషం దాటితే 5 కంటే తగ్గిపోతాయి. అలా పంపిస్తే అవతలివాళ్లకు చేరేది విమానాలు కాదు, చిక్కు. అందుకే ఇవతలి కంట్రోలర్ ముందే వెనకదాని వేగం తగ్గించాలి, లేదా ఎత్తు మార్పించాలి. ఎత్తు మార్చేటప్పుడు కూడా 5 మైళ్లు పోకముందే 1,000 అడుగులు దొరకాలి. ఏం చేశారో అవతలివాళ్లకు చెప్పాలి కూడా. ఫలానా వేగం ఇచ్చామని తెలియకపోతే వాళ్లు ఆ కట్టు విప్పేస్తారు.

నాగభూషణం: ‘అప్పగింత’ అద్భుతమైన మాట. పెళ్లిలో అప్పగింతలు అయ్యాక పిల్ల అత్తారింటిది. అంతే కదా ఇక్కడా?

మునిరత్నం: ఇక్కడ అంతా ఒక్క క్షణంలో జరగదండి, మూడు దశలు. మొదట తెరమీద విమానం లేబుల్ అవతలి సెక్టార్‌కు పంపుతాం. వాళ్లు దాన్ని గుర్తించి ఒప్పుకుంటారు. తర్వాత పైలట్‌కు కొత్త ఫ్రీక్వెన్సీ చెబుతాం. అతను దాన్ని తిరిగి చదివి వినిపించాలి. ఆపైన అతను కొత్తవాళ్లను పిలుస్తాడు. కానీ బాధ్యత మారేది మామూలుగా సరిహద్దు దగ్గరే. అప్పటిదాకా విమానం కొత్త గొంతుతో మాట్లాడుతున్నా, పాతవాళ్లు సరే అనకుండా కొత్తవాళ్లు దాన్ని తిప్పకూడదు, ఎత్తు మార్చకూడదు.

హేమలత: పైలట్ ఒక అంకె తప్పు విని వేరే ఫ్రీక్వెన్సీకి పోతే?

మునిరత్నం: తిరిగి చదివేటప్పుడు పట్టుకోవాలి. అప్పుడూ దొరక్కపోతే, లేబుల్ ఒప్పుకున్న కంట్రోలర్‌కు ఎంతకీ పిలుపు రాదు. తెరమీద విమానం కదులుతూనే ఉంటుంది. వెంటనే పాత సెక్టార్‌కు ఫోన్ చేస్తాం. జవాబు రాని పైలట్ కూడా పాత ఫ్రీక్వెన్సీకే తిరిగొస్తాడు. అదీ కుదరకపోతే 121.5 అనే అత్యవసర ఫ్రీక్వెన్సీలో పిలుస్తాం.

సుధాకర్: పక్కకు 5 మైళ్లు అన్నిచోట్లా అంతేనా సార్?

మునిరత్నం: కాదు. విమానాశ్రయం చుట్టుపక్కల, రాడార్ దగ్గరగా ఉండి వేగంగా తిరిగేచోట 3 మైళ్లకు అనుమతి ఇస్తారు. దూరాన్ని చూసే రాడార్ ఒక చుట్టు తిరగడానికి పది, పన్నెండు సెకన్లు తీసుకుంటుంది. 480 వేగంతో పోయేది 12 సెకన్లలో 1.6 మైళ్లు పోతుంది. ఎదురెదురుగా వస్తే ఇద్దరి మధ్య 3.2 మైళ్లు తరిగిపోతాయి. ఆ చుట్టు పూర్తయ్యేదాకా తెరమీద కనిపించేది పాత స్థానమే.

రెడ్డెప్ప: ఇప్పుడు చూశాం సార్. ఒకటి 34,000, ఇంకొకటి 37,000 ఉంది. అవి వేరే విమానాలనుకోండి. అయినా తిరుమల కొండ మీదుగా పోవచ్చా?

నాగభూషణం: అది వేరే చర్చ అన్నా, విడిగా పెట్టండి. హేమలత గారూ, ‘ఎడం’తో ఒక చిక్కుంది. విమానాన్ని ఎడమకు, కుడికి తిప్పడం ఈ పనిలో రోజూ ఉండేదే. ‘ఎడం తగ్గింది’ పక్కనే ‘ఎడమకు తిప్పారు’ అని వస్తే పిల్లలు తికమకపడరా? ‘మధ్య దూరం’ అంటే నయమేమో.

హేమలత: పైకీ కిందికీ ఉన్న 1,000 అడుగులను దూరం అంటే పిల్లలు అడ్డంగానే ఊహించుకుంటారండి. అందుకే ‘నిలువు ఎడం’, ‘అడ్డ ఎడం’ అని రాద్దామనుకుంటున్నా. ‘అప్పగింత’ మాత్రం ఖాయం చేశాను. మూడు దశలూ మునిరత్నం గారు చెప్పిన వరసలోనే రాస్తాను.

మునిరత్నం: ‘నిలువు ఎడం’ బాగుంది. ‘అడ్డ ఎడం’ నోటికి రావట్లేదమ్మా. ఇంకెవరైనా చెప్పండి.