ఫార్వర్డింగ్ తీసేశాను, అయినా కొన్ని కాల్స్ చెల్లెలి ఫోనుకే వెళుతున్నాయి

శారద: నమస్కారం. నా ఫోను మరమ్మతుకు ఇచ్చే ముందు, నాకు వచ్చే కాల్స్ చెల్లెలికి వెళ్లేలా మా మరిది రెండు కోడ్‌లు కొట్టి పెట్టాడు. ఫోను తిరిగి వచ్చాక ఆ సంగతి ఇద్దరం మరిచిపోయాం. రెండు రోజుల పాటు ఒక్క కాల్ కూడా మోగలేదు. నేను చేసే కాల్స్ వెళుతున్నాయి, మెసేజీలు వస్తున్నాయి, అందుకే అనుమానం రాలేదు. చివరికి చెల్లెలే ఫోను చేసి, "నీ కాల్స్ అన్నీ నాకే వస్తున్నాయి" అంది. సెట్టింగ్స్‌లో `Always forward` ఆఫ్ చేశాను. ఇప్పుడు ఫోను మోగుతోంది. కానీ సిగ్నల్ లేని చోటికి వెళితే కాల్స్ మళ్లీ చెల్లెలికే చేరుతున్నాయి. నిన్న అమ్మ గురించి డాక్టరు చేసిన కాల్ అలాగే దానికి వెళ్లింది. `*#21#` కొట్టి చూస్తే `Not forwarded` అని వస్తోంది. ఇంకా ఎక్కడ మిగిలి ఉంది?

వెంకట్: ఫోనును ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పాత సెట్టింగులన్నీ పోతాయి.

రఘురామ్: వెంకట్ గారూ, దయచేసి ఆ పని చేయించకండి. ఆవిడ ఫొటోలు, నంబర్లు పోతాయి గానీ ఫార్వర్డింగ్ మాత్రం పోదు. అది ఫోనులో ఉండదు, నెట్‌వర్క్ దగ్గర ఆ సిమ్ ఖాతాలో నమోదై ఉంటుంది. సిమ్ తీసి వేరే ఫోనులో వేసినా అలాగే కొనసాగుతుంది.

శారద గారూ, ఫార్వర్డింగ్ ఒకటి కాదు, నాలుగు. అన్ని కాల్స్‌నూ మళ్లించేది 21. మీరు ఎత్తకపోతే మళ్లించేది 61. ఫోను ఆఫ్‌లో ఉన్నా సిగ్నల్ లేకపోయినా మళ్లించేది 62. మీరు వేరే కాల్‌లో ఉంటే 67. ఇవి దేనికవే విడిగా నమోదవుతాయి. మీరు 21 ఒక్కటే తీశారు. సిగ్నల్ లేనప్పుడే వెళుతున్నాయంటున్నారు కాబట్టి మీ మరిది కొట్టిన రెండో కోడ్ 62ది అయి ఉంటుంది. ముందు తీసేయకండి, చూడండి. ఇది కొట్టి కాల్ బటన్ నొక్కండి:

```
*#62#
```

పద్మజ: మా ఇంట్లోనూ ఇదే బాధ. నాకు కాల్ వస్తే మా అబ్బాయి టాబ్లెట్ కూడా మోగుతుంది. ఈ కోడ్‌తో అది ఆగుతుందా?

రఘురామ్: ఆగదు పద్మజ గారూ, మీది వేరే సంగతి. రెండూ ఒకేసారి మోగుతున్నాయంటే అది ఫార్వర్డింగ్ కాదు. టాబ్లెట్‌లోనూ మీ ఖాతాయే ఉండి, ఫోను కాల్స్‌ను పంచుకుంటోంది. ఐఫోను అయితే ఫోను సెట్టింగ్స్‌లో `Calls on Other Devices` అని ఉంటుంది, అక్కడ ఆ టాబ్లెట్‌ను ఆపేయండి.

కిరణ్: ఒక్కొక్కటీ చూడటం ఎందుకు? `##002#` కొడితే అన్ని ఫార్వర్డింగులూ ఒకేసారి పోతాయి. నేను ఎప్పుడూ అదే చేస్తాను.

రఘురామ్: పోతాయి, నిజమే. కానీ వాయిస్‌మెయిల్ వాడేవాళ్లకు అదీ పోతుంది. మనం ఎత్తని కాల్ వాయిస్‌మెయిల్‌కు చేరేది కూడా 61, 62 లాంటి ఫార్వర్డింగ్ వల్లే. అన్నీ తుడిచేశాక, కాల్ చేసినవాళ్లకు మెసేజ్ వదిలే వీలే ఉండదు, దాన్ని మళ్లీ పెట్టించుకోవాలి. వాయిస్‌మెయిల్ అవసరం లేనివాళ్లు నిశ్చింతగా `##002#` కొట్టుకోవచ్చు. శారద గారూ, మీరు వాడతారా?

శారద: వాడతాను, అమ్మ అందులోనే మాట్లాడి పెడుతుంది. `*#62#` కొట్టాను. దానికీ `Not forwarded` అనే వచ్చింది. ఇప్పుడు ఏమిటి దారి?

రఘురామ్: మీ ఫోనులో రెండు సిమ్‌లు ఉన్నాయా? ఉంటే కోడ్ ఏ సిమ్ నుంచి వెళ్లిందో చూడండి. కోడ్ ఏ సిమ్ నుంచి వెళితే ఆ సిమ్ గురించే జవాబు వస్తుంది. డయల్ చేసేటప్పుడు సిమ్ అడగకపోతే, అది ఎప్పుడూ వాడే సిమ్ నుంచే వెళ్లిపోతుంది.

శారద: అయ్యో, ఉన్నాయి. ఆఫీసు సిమ్ నుంచి వెళుతోంది. ఇప్పుడు సొంత సిమ్ ఎంచుకుని కొట్టాను. `Connection problem or invalid MMI code` అని వచ్చింది.

రఘురామ్: కోడ్ సరైనదే, అది అసలు నెట్‌వర్క్ దాకా వెళ్లి ఉండదు. వైఫై ఆపి, ఆ సిమ్‌కు మొబైల్ డేటా ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించండి. కొన్ని నెట్‌వర్క్‌లలో ఈ వివరాలు ఇప్పుడు డేటా ద్వారానే అందుతాయి, డేటా లేకపోతే సెట్టింగ్స్ పేజీ కూడా తెరుచుకోదు. కొన్ని నెట్‌వర్క్‌లు కోడ్‌లనే అనుమతించవు. అలాంటప్పుడు ఆండ్రాయిడ్‌లో కాల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి `When unreachable` అనే వరుసను ఆపాలి. ఐఫోను సెట్టింగ్స్‌లో మాత్రం సాధారణంగా అన్ని కాల్స్‌నూ మళ్లించేది ఒక్కటే కనిపిస్తుంది, మిగతా మూడింటికీ కోడ్‌లే గతి.

శారద: డేటా ఆన్ చేశాక వచ్చింది! 62లో చెల్లెలి నంబరు ఉంది. అలాగే `*#61#`, `*#67#` కూడా చూశాను. రెండింటిలోనూ నాకు తెలియని చిన్న నంబరు ఉంది. కాస్త భయంగా ఉంది.

రఘురామ్: ఆ నంబరును మీ వాయిస్‌మెయిల్ సెట్టింగ్స్‌లో ఉన్న నంబరుతో పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే వాటిని ముట్టుకోవద్దు. 62 ఒక్కటే తుడిచేయండి. ముందు రెండు హాష్‌లు ఉండాలి. ఒక్కటే కొడితే ఫార్వర్డింగ్ ఆగుతుంది గానీ, చెల్లెలి నంబరు నెట్‌వర్క్‌లో అలాగే ఉండిపోతుంది. తర్వాత ఎప్పుడైనా చెయ్యి తగిలి ఆన్ అయితే కాల్స్ మళ్లీ అక్కడికే వెళతాయి.

```
##62#
```

శారద: రెండూ ఒకటే, వాయిస్‌మెయిల్ నంబరే. `##62#` కొట్టాను, `Erasure was successful` అని వచ్చింది. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మావారి ఫోను నుంచి చేయించి చూశాను. చెల్లెలి ఫోను మోగలేదు, ఫోను అందుబాటులో లేదనే మాట వినిపించింది. మరి ఇప్పుడు ఫోను ఆఫ్‌లో ఉంటే అమ్మ కాల్ వాయిస్‌మెయిల్‌కు వెళ్లదా?

రఘురామ్: వెళ్లదండీ. మీ మరిది నంబరు పెట్టినప్పుడు 62లో ఉన్న వాయిస్‌మెయిల్ నంబరు చెరిగిపోయి ఉంటుంది. 61లో కనిపించిన ఆ నంబరును ఉన్నది ఉన్నట్టుగా `**62*`, `#` మధ్య ఉంచి అదే సిమ్ నుంచి కొట్టండి. తర్వాత మళ్లీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పరీక్షించండి.

సురేష్: నాకు 67 దగ్గర చిక్కు. కాల్ కట్ చేస్తే వేరే ఎవరికో వెళుతోంది. `##67#` కొడితే పోతుంది, రెండు రోజుల్లో మళ్లీ వస్తోంది.

రఘురామ్: కట్ చేసిన కాల్‌ను నెట్‌వర్క్ మీరు వేరే కాల్‌లో ఉన్నట్టే లెక్కిస్తుంది, అందుకే 67 పని చేస్తోంది. తిరిగి వస్తున్న నంబరు ఎలాంటిది? వాయిస్‌మెయిల్‌దో, మిస్డ్ కాల్ సమాచారం పంపే సేవదో అయితే కంపెనీయే మళ్లీ పెడుతూ ఉండవచ్చు.

సురేష్: మామూలు మొబైల్ నంబరే. ఎవరిదో తెలియదు.

రఘురామ్: అయితే ఈ రోజే కస్టమర్ కేర్‌తో మాట్లాడండి. ఆ నంబరు ఏ తేదీన, ఏ మార్గంలో నమోదైందో అడగండి, మీ ఖాతా వెబ్‌సైటు పాస్‌వర్డ్ కూడా మార్చండి. ఫార్వర్డింగ్ వల్ల మెసేజీలు పోవు, కానీ కాల్ చేసి వినిపించే ధ్రువీకరణ కోడ్‌లు ఆ నంబరుకు చేరవచ్చు. పైగా మళ్లిన కాల్‌కు చాలా చోట్ల ఛార్జీ మీ మీదే పడుతుంది. ఈలోగా రోజూ ఒకసారి `*#67#` కొట్టి చూస్తూ ఉండండి.

సురేష్: ఇప్పుడే చూశాను, మళ్లీ ఉంది. తుడిచేసి వాళ్లకు ఫోను చేస్తున్నాను. ఏం చెప్పారో ఇక్కడ రాస్తాను.