అప్‌డేట్: భూమి రికార్డుల పదకోశం పేజీ

అడిగింది: "భూమి రికార్డుల్లో వాడే మాటలకు పదకోశం పేజీ పెడుతున్నాను. ఒక్కోదానికి ఎంత రాయాలి, పెద్ద వ్యాసాలకు ఎలా పంపాలి?"

అప్‌డేట్: పేజీ సిద్ధమైంది. ఒక్కో పదానికి రెండు వాక్యాలే ఉంచాను. అడంగల్ దగ్గర ఇలా ఉంది: "ఏ సర్వే నంబరులో ఎంత భూమి ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట వేశారు అన్నది రాసే గ్రామ లెక్క. తెలంగాణలో దీన్ని పహాణీ అంటారు." దాని కింద ఒకే లింకు. అదీ "మరింత చదవండి" అని కాదు, "అడంగల్‌లో సాగుదారు పేరు తప్పుగా పడితే ఏం చేయాలి" అని. తమకు కావాల్సింది అక్కడ ఉందో లేదో నొక్కకముందే తెలుస్తుంది. పహాణీ దగ్గర మళ్లీ నిర్వచనం రాయకుండా "అడంగల్ చూడండి" అని పంపేశాను. రెండు చోట్లా రాస్తే, రేపు ఒకటి మార్చి రెండోది వదిలేస్తాం.

అసలు చిక్కు ఒక్కో పదానికి నేరుగా లింకు ఇవ్వడానికి పెట్టే ఐడీల దగ్గర. తెలుగులో పెట్టినా పనిచేస్తాయి గానీ, లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే %E0%B0%85 అంటూ బారెడు సాగుతుంది. అందుకే ఇంగ్లిష్ అక్షరాలు:

```html
<dt id="adangal">అడంగల్</dt>
```

పైన అతుక్కుని ఉండే మెనూ పదాన్ని కప్పేయకుండా `scroll-margin-top: 5rem` ఇచ్చాను. వ్యాసాల్లో పదం మొదటిసారి వచ్చిన చోటే పదకోశానికి లింకు. ప్రతిసారీ ఇస్తే చదివేవాళ్లకు చిరాకు. భూమి హక్కుల రికార్డైన 1-బి మిగిలింది, దాని వ్యాసం పూర్తయ్యాకే ఎక్కిస్తాను.