సమస్యాపూరణం: దొంగ పేరు పెట్ట దొరయె నమ్మె

మోడరేటర్: మా మేనల్లుడు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్మే షాపు పెడుతున్నాడు. ‘నిజాయితీ మొబైల్స్’ అంటానన్నాడు. మా అక్క ‘అంత గట్టిగా అరిస్తే జనం జేబు తడుముకుంటరు’ అన్నది. అప్పుడు తోచిన పాదం ఇది. షాపు పేరు మీదే పూరించాలి.

గడియారం పంతులు:

దొంగ ఫోను కొనము దోస్తులారా యని
బోర్డు మీద రాసె బుజ్జిగాడు
నంబ రడిగి మొదట నాణెంబు చూడగ
దొంగ పేరు పెట్ట దొరయె నమ్మె

దొర అంటే ఇక్కడ ఎస్సైగారు.

మూసీతీరం: ‘దోస్తులారా’ బాగా కుదిరింది. పద్యం నడిచింది గానీ కొట్టు నడవదు పంతులుగారూ. బోర్డు మొత్తం ఎవరు చదువుతారు? నెల తిరిగేసరికి ‘కొనము’ ఊడిపోయి ‘దొంగ ఫోన్ల కొట్టు’ అయి కూర్చుంటుంది. మా వీధిలో దేవుడి పేరుతో ఇంత పొడుగు బోర్డున్న రేడియో షాపును అందరూ ‘రిపేర్ కొట్టు’ అనే అన్నారు. సగం పేరు రాలిపోయినా మిగిలిన సగం పరువు నిలపాలి.

దేవరకొండ తమ్ముడు: పేరు ఏదైతే ఏంది, ఫోన్ IMEI నంబర్ చూస్తే అయిపాయె. *#06# కొడితే 15 అంకెలు వస్తయి. KYM అని రాసి, ఖాళీ వదిలి, ఆ అంకెలు 14422కు మెసేజ్ పెట్టాలె. క్లీన్ అని వస్తే కొనుడే.

టంకంకడ్డీ: అంతటితో కాదు తమ్మీ. మహబూబ్‌నగర్‌లో పన్నెండేండ్ల సంది ఇదే పని నాది. ఒక పిలగాడు ఫోన్ తెచ్చి ఆరువేలకు ఇస్తనన్నడు. మెసేజ్ క్లీన్‌గనే వచ్చింది. నంబర్ రిజిస్టర్‌ల రాసుకున్న. ‘గూగుల్ అకౌంట్ తీసెయ్యి’ అంటే పాస్‌వర్డ్ తెల్వదన్నడు, ఫోన్ వాళ్ల అన్నదట. అన్నను తోలుకరా అన్న, మళ్లీ రాలే. మూడో నాడు ఒకాయన ఖాళీ డబ్బా పట్టుకొని వచ్చిండు. డబ్బా మీది నంబర్, నా రిజిస్టర్‌ల నంబర్ ఒకటే. ఆయన అప్పటిదాకా కంప్లైంటే ఇయ్యలే. కంప్లైంట్ లేనిది నంబర్ బ్లాక్ కాదు కదా, మెసేజ్ క్లీనే వస్తది. అందుకే లాక్, అకౌంట్ నా ముందర తీసినోళ్ల దగ్గరనే, గుర్తింపు కార్డు జిరాక్స్ పెట్టుకొని కొంట.

పాలమూరు భాగవతులు:

వెన్న దొంగ పేరు వెలుగొందు కొట్టుకు
కృష్ణ యనెడి బోర్డు కిష్ట డెత్తె
భక్తి తోడ మొక్కి పాలమూరందున
దొంగ పేరు పెట్ట దొరయె నమ్మె

మోడరేటర్: విరుపు అద్భుతం! ఫోను మాత్రం ఎక్కడా కనబడలేదు.

పాలమూరు భాగవతులు: కొట్టు అన్నాను కదా. ఫోన్ లోపల ఉంటుంది.

మూసీతీరం: దొంగ అంటే నకిలీ అని కూడా. దొంగనోటు అనమా?

కాపి డిస్‌ప్లె వేసి కాపియే యని చెప్పి
బిల్లు మీద రాసె పేరు పెట్టి
అసలుదైతే ఇంత యని ధర చెప్పగ
దొంగ పేరు పెట్ట దొరయె నమ్మె

గడియారం పంతులు: భావం ఒప్పుకున్నా. మూడో పాదం రెండో గణంలో ‘దైతే’ రెండు గురువులమ్మా. ‘దైతె’ అని కుదించాలి. కొట్టు పరువు సంగతి సరే, గణం పరువు కూడా చూడాలి.

మూసీతీరం: కుదించాను. ‘మొబైలు’ను గణం మొదట్లో పెట్టి ఆటవెలదిలోకి జగణం తోలిన ఉగాది పద్యం ఎవరిదో కూడా చెబితే బాగుండేది.

గడియారం పంతులు: అది టైపింగ్ పొరపాటని అప్పుడే మనవి చేశాను.

టంకంకడ్డీ: మూసీతీరం అక్క పద్యం నా కత. మొదట్ల నా బోర్డు మీద ‘ఒరిజినల్’ అని ఉండె. ఒకామె ఐఫోన్‌కు కాపీ డిస్‌ప్లే వేసిన, ఆమెకు చెప్పే వేసిన. ఇంటికి పోయి సెట్టింగ్స్‌ల అబౌట్ తెరిస్తే `Unknown Part` అని పడ్డది. వాళ్లాయన వచ్చి బోర్డు చూపించి కొట్లాడిండు. నోటితో చెప్పినదానికి సాక్ష్యం లేదు, బోర్డుకున్నది. డబ్బులు వాపస్ ఇచ్చిన. తెల్లారే ఆ ముక్క మీద పెయింట్ కొట్టించి, కాపీయా అసలుదా బిల్లు మీద రాసుడు మొదలుపెట్టిన.

దేవరకొండ తమ్ముడు: గట్లయితే ‘బిల్లు షాపు’ అని పెట్టున్రి. ఇంక ఊడిపోయేదేం లేదు.

మూసీతీరం: ఇది బాగుంది. బిల్లియ్యని రోజు పేరే పట్టిస్తుంది.

మోడరేటర్: మేనల్లుడికి చూపించాను. జనం కరెంటు బిల్లు కట్టడానికి వస్తారని భయపడుతున్నాడు. పెయింటర్ శనివారం వస్తాడు, అంతలోపు ఇంకా పూరణలు రావచ్చు. పంతులుగారూ, ‘మొబైలు’ వాడదలిస్తే ముందు నాకు పంపండి.